జూలై నష్టం, ఏప్రిల్ లాభం: మాస్టారితో ఒక ట్రేడు సమీక్ష

2025 జూలై 24న రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ షేర్లు 500, ఒక్కొక్కటి 412 రూపాయల చొప్పున కొన్నాను. ఆగస్టు 1న 366 చొప్పున అమ్మాను. 23,000 రూపాయలు పోయాయి. షేర్ల లావాదేవీలపై వేసే పన్ను ఎస్‌టీటీ, స్టాంపు డ్యూటీ, డీమ్యాట్ ఛార్జీ వంటివి కలుపుకుంటే మరో నాలుగు వందల యాభై దాకా అయింది. నేను గాజువాకలో ఉంటూ పరవాడ ఫార్మా సిటీలోని ఒక పరిశ్రమలో ఉద్యోగం చేస్తున్నాను. ట్రేడింగుకు విడిగా పెట్టుకున్న సొమ్ము ఆరు లక్షలు. ఒక్క ట్రేడులో ఒకటిన్నర శాతానికి మించి, అంటే 9,000 రూపాయలకు మించి పోకూడదన్నది నా నియమం. కాబట్టి నన్ను ఎక్కువగా బాధించింది పోయిన మొత్తం కాదు, అది నియమానికి రెండున్నర రెట్లు కావడం.

నాకు ఈ పని నేర్పుతున్న పెద్దాయనను మేమందరం మాస్టారు అంటాం. ఆయన చాలా ఏళ్లు ఒక బ్రోకరు కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు, సీతమ్మధారలో ఉంటారు, ఎవరి దగ్గరా ఫీజు పుచ్చుకోరు. ఆగస్టు 2, శనివారం నాడు ఆయనకు ఫోను చేసి, నా దురదృష్టం గురించి ఆవేశంగా చెప్పబోయాను. ఆయన రెండు నిమిషాలు విని ఇలా అన్నారు: "ఇప్పుడు నువ్వు ఏది చెప్పినా నష్టమే మాట్లాడుతుంది బాబూ. పదిహేను రోజులు ఆగి రా. వచ్చేటప్పుడు కాంట్రాక్టు నోట్లూ, ఆర్డర్ బుక్‌లోని సమయాలూ, కొనేరోజు నువ్వు రాసుకున్న నోటూ తీసుకురా. గుర్తున్నదాన్ని బట్టి ఏదీ రాయకు." ఆ పదిహేను రోజులు నాకు చాలా భారంగా గడిచాయి. ఇంట్లో ఈ నష్టం సంగతి చెప్పిన రోజున మా ఆవిడ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

ఈలోగా ఆగస్టు 6న అమెరికా మన దేశంపై మరో 25 శాతం సుంకం ప్రకటించింది. నేను అమ్మిన షేరు ఇంకా పడింది. ఎంతో కొంత ముందుగానే బయటపడ్డానన్న ఊరట కలిగింది. ఆ ఊరటను కూడా మాస్టారి ముందు పెట్టాలనే అనుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం ఉదయం ఆయన ఇంటికి వెళ్లాను. ఒక తెల్ల కాగితం తీసుకుని, నా కాంట్రాక్టు నోటులో అమ్మిన ధర ఉన్న భాగాన్ని దానితో కప్పి, "ఇది లేదనుకో. జూలై 24 ఉదయం నీ చేతిలో ఏముందో అది మాత్రం చెప్పు" అన్నారు. కొనేరోజు నా నోటులో మూడు వాక్యాలు ఉన్నాయి. షేరు చాలా రోజులుగా ఒక శ్రేణిలో తిరిగి, పెరిగిన వాల్యూముతో పైకి వచ్చింది. 394 కిందకు వస్తే నా అంచనా తప్పు. లాభం లక్ష్యం 448. ఆయన ఆ మూడింటిని చదివి, ఈ పద్ధతిలో నా పాత ఫలితాలు ఎలా ఉన్నాయని అడిగారు. పదింటిలో నాలుగు మాత్రమే గెలుస్తాయి, అయితే గెలిచినప్పుడు వచ్చేది ఓడినప్పుడు పోయేదానికి రెండింతలు ఉంటుందని చెప్పాను.

"అలాగైతే 412 నుంచి 394 వరకు పోయిన 9,000 గురించి మనం మాట్లాడుకోవలసింది ఏమీ లేదు" అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. పదింటిలో ఆరు ఓడే పద్ధతిని ఎంచుకున్నవాడు ఓడినప్పుడల్లా తన తప్పును వెతుక్కుంటే, ఉన్న మంచి పద్ధతిని కూడా చెడగొట్టుకుంటాడన్నది ఆయన మాట. నేను వారం రోజులుగా ఆ షేరు ఎందుకు కొన్నానా అని కుమిలిపోతున్నాను. కొనడాన్ని ఆయన అసలు విచారణలోకే తీసుకోలేదు. నాకు తేలికగా అనిపించాలి గానీ, ఆ క్షణాన మిగిలిన 14,000 ఇంకా బరువెక్కినట్లు అనిపించింది.

ఇప్పుడు ఆ 14,000 సంగతి. జూలై 30, బుధవారం నాడు షేరు 408 దగ్గర ముగిసింది. మన మార్కెట్ మూడున్నరకు మూసిన తరువాత, సాయంత్రం ఐదున్నర దాటాక, ఆగస్టు 1 నుంచి భారతదేశపు సరుకులపై 25 శాతం సుంకం, రష్యా నుంచి చేసే కొనుగోళ్లకు అదనంగా జరిమానా ఉంటాయని అమెరికా అధ్యక్షుడు ప్రకటించారు. మరుసటి ఉదయం షేరు 384 దగ్గర తెరుచుకుంది. చెప్పిన ధర వచ్చేదాకా రోజుల తరబడి కాచుకుని ఉండే జీటీటీ ఆర్డరును నేను 394 దగ్గర పెట్టి ఉంచాను. ధర 394కు వస్తే 392 లిమిట్‌తో అమ్మకం ఆర్డరు దానంతట అదే వెళ్తుంది. ప్రారంభంలోనే ట్రిగ్గర్ పనిచేసింది, అమ్మకం ఆర్డరు కూడా ఎక్స్ఛేంజికి వెళ్లింది. అయితే 392కు తక్కువ ఇవ్వనని చెప్పే ఆర్డరును, మార్కెట్ 384 దగ్గర నడుస్తుండగా ఎవరు కొంటారు? అది అలాగే పెండింగులో నిలబడిపోయింది.

మా పరిశ్రమలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర లాకరులో పెట్టి, పదిన్నరకు టీ విరామంలో చూసుకుంటాం. ఆ రోజు పదిన్నరకు చూస్తే షేరు 388 దగ్గర ఉంది, ఆర్డరు ఇంకా పెండింగులోనే ఉంది. నాలుగు రూపాయలు పెరిగితే అదే అమ్ముడవుతుంది కదా అని వదిలేసి లోపలికి వెళ్లాను. మధ్యాహ్నానికి మళ్లీ పడింది. సాయంత్రం ఆ ఆర్డరు రద్దయింది, ఎందుకంటే అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. జీటీటీ ఒకసారి ట్రిగ్గర్ అయితే, షేర్లు అమ్ముడైనా కాకపోయినా, దాని పని అయిపోయినట్లే. శుక్రవారం ఉదయం, నష్టాన్ని ఒక ధర దగ్గర ఆపాల్సిన నా స్టాప్‌లాస్ ఇంకా కాపలా ఉందనుకుని పనిలోకి వెళ్లాను. మధ్యాహ్న భోజనం వేళ చూస్తే జీటీటీ జాబితాలో దానికి ఎదురుగా "Triggered" అని ఉంది, అంటే షేర్లకు ఏ రక్షణా లేదు. అప్పుడు చేతితో అమ్మితే 366 వచ్చింది.

నేను ఇంటి దగ్గర తయారుచేసుకుని వెళ్లిన పట్టికలో ఈ 14,000 మొత్తాన్నీ "దురదృష్టం" అనే ఒకే గడిలో రాశాను. వాదన కూడా సిద్ధంగా ఉంది. అమెరికా అధ్యక్షుడు ఏమి ప్రకటిస్తాడో గాజువాకలో కూర్చున్న నాకెలా తెలుస్తుంది? మాస్టారు దానికి నేరుగా జవాబు చెప్పకుండా ఆర్డర్ బుక్‌లోని సమయాలను ఒక్కొక్కటిగా పైకి చదివించి, ప్రతిచోటా ఒకే ప్రశ్న వేశారు: "ఈ నిమిషానికి నీకు ఏమి తెలుసు, నీ చేతిలో ఏముంది?"

9:15కు ధర ఎంతో నాకు తెలియదు, ఫోను లాకరులో ఉంది. 10:30కు మాత్రం ధర 388 అని తెలుసు, ఆర్డరు అమ్ముడవలేదని తెలుసు, 394 కిందకు వస్తే నా అంచనా తప్పని స్వయంగా రాసుకున్న నోటు ఉంది. ఆర్డరును మార్చడానికి రెండు నిమిషాల సమయం కూడా ఉంది. ఆయన పెన్సిలు తీసుకుని నా గడిని రెండుగా చీల్చారు. 394 నుంచి 388 వరకు షేరుకు ఆరు రూపాయలు, అంటే 3,000. 388 నుంచి 366 వరకు ఇరవై రెండు రూపాయలు, అంటే 11,000. "ఈ 11,000ను సుంకం తీసుకుపోలేదు. సుంకం వార్త వచ్చేసింది, ధర పడిపోయింది, అంతా అయిపోయిన తరువాత నువ్వు కొత్తగా ఒక ట్రేడు చేశావు. 388 దగ్గర, స్టాప్‌లాస్ లేకుండా, 500 షేర్లు. ఆ ట్రేడుకు నోటు ఏది?" అని అడిగారు. నోటు లేదు.

నేను ఒక అభ్యంతరం చెప్పాను. పదిన్నర తరువాత షేరు 392కు చేరి ఉంటే ఇదే నిర్ణయాన్ని ఓర్పు అనేవాళ్లం కదా అన్నాను. ఆయన సంతోషంగా తల ఊపి, సరిగ్గా అందుకే ధర ఎటు పోయిందన్నది ఈ కాగితం కింద దాచానని చెప్పారు. 392కు చేరి ఉన్నా ఆ నిర్ణయం విలువ మారదు, నాలుగు రూపాయల కోసం అడుగులేని నష్టాన్ని నెత్తిన పెట్టుకున్నట్లే అవుతుంది. జీటీటీ ఎలా పనిచేస్తుందో తెలియకపోవడాన్ని ఎక్కడ రాయాలని అడిగితే, "వాడే పనిముట్టు గురించి తెలియకపోవడం అదృష్టం ఖాతాలోకి ఎప్పుడూ రాదు" అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ప్రయోగశాలలో ఒక పరికరాన్ని దాని నియమావళి చదవకుండా ముట్టుకోనివాణ్ణి నేను.

ఆగస్టు 6 నాటి నా ఊరటను కూడా అప్పుడే ముందు పెట్టాను. తరువాత ఇంకా పడిందంటే శుక్రవారం అమ్మడం మంచి నిర్ణయమే కదా అన్నాను. ఆయన నవ్వి ఊరుకోలేదు, కొంచెం కోపంగానే చెప్పారు. శుక్రవారం నేను అమ్మింది రక్షణ లేదని తెలిసిన కంగారులో. ఆగస్టు 6 ప్రకటన అప్పటికి లేదు. నష్టాన్ని దురదృష్టమని వార్త మీదకు నెట్టినవాడు, తప్పిన నష్టాన్ని తన తెలివిగా రాసుకోవడానికి వీల్లేదు.

అంతవరకు నేను ఊహించినదానికి కాస్త అటూ ఇటూగానే సాగింది. మిగిలిన 3,000 దగ్గర మాత్రం సమీక్ష మరో దారి పట్టింది. అది చిన్న మొత్తం కాబట్టి త్వరగా ముగుస్తుందనుకున్నాను, నిజానికి ఎక్కువ సమయం దాని మీదే గడిచింది.

394 దగ్గర అమ్మాలనుకున్నవాడికి 388 వస్తే, ఆ తేడా గ్యాప్ వల్ల, అంటే ముందురోజు ముగింపు నుంచి మరుసటి ఉదయానికి ధర ఒక్కసారిగా దూకడం వల్ల వచ్చింది, గ్యాప్ వార్త వల్ల వచ్చింది, వార్త నా చేతిలో లేదు. ఈ తర్కంలో లోపం ఉన్నట్లు నాకు కనిపించలేదు. మాస్టారు నా నోటును మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఇందులో ఆగస్టు 1 అన్న తేదీ ఎక్కడుంది?" అని అడిగారు. లేదు. "నీకు ఆ తేదీ తెలియదా?" తెలుసు. విశాఖలో రొయ్యలతో ఏ కొంచెం సంబంధం ఉన్నవారికైనా తెలుసు. ఏప్రిల్ 2న మన దేశంపై 26 శాతం సుంకం ప్రకటించారు, ఏప్రిల్ 9న దాన్ని తొంభై రోజులు నిలిపి 10 శాతం మాత్రం ఉంచారు, జూలైలో ఆ గడువును ఆగస్టు 1కి పొడిగించారు. మన ప్రధాన పోటీదారైన ఈక్వడార్‌కు ఏప్రిల్‌లో ప్రకటించింది 10 శాతమే. మా బావ వేరే కంపెనీకి చెందిన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తాడు. గడువు దాటకముందే సరుకు చేరాలని అమెరికా కొనుగోలుదారులు తొందరపెడుతున్నారని, రెండు షిఫ్టులూ నడుస్తున్నాయని జూలై మొదట్లోనే చెప్పాడు. నేను ఆ మాటను గిరాకీ పెరిగిందన్నట్లుగానే విన్నాను.

మాస్టారు ఇక్కడ ఒక తేడా చూపించారు. ప్రకటన 15 శాతమా, 25 శాతమా, మళ్లీ వాయిదానా అన్నది ఎవరికీ తెలియదు, అది అదృష్టమే. ఆగస్టు 1 చుట్టూ ఏదో ఒక రాత్రి ఈ షేరు ఎటో ఒకవైపు గట్టిగా జరుగుతుందన్నది మాత్రం తెలిసిన విషయం. దిశ అదృష్టం, ఆ రాత్రి ఎన్ని షేర్లు ఉంచుకోవాలన్నది నిర్ణయం. నేను వెంటనే ఒప్పుకోలేదు. అలాగైతే 2025లో ఏ షేరునూ రాత్రికి ఉంచుకోకూడదా, ప్రతి వారం ఏదో ఒక ప్రకటన వస్తూనే ఉంది కదా అని వాదించాను. ఆయన వాదన ఆపేసి, "ఈ సంవత్సరం ఈ రంగంలో నువ్వు చేసిన మిగతా ట్రేడులు కూడా తీసుకురా, ముఖ్యంగా లాభం వచ్చినవి" అని పంపించేశారు. నష్టాన్ని సమీక్షించడానికి లాభాలెందుకని తిరుగు ప్రయాణమంతా విసుక్కున్నాను.

రెండో సమావేశం ఆగస్టు 31న జరిగింది. మధ్యలో ఆగస్టు 27న అదనపు సుంకం అమల్లోకి వచ్చి మొత్తం 50 శాతమైంది. ఆ రోజు వినాయక చవితి కావడంతో మన మార్కెట్‌కు సెలవు. నేను తీసుకెళ్లినవాటిలో మాస్టారు ఒక్క కాంట్రాక్టు నోటును మాత్రమే పక్కకు తీశారు. ఏప్రిల్ 8న అదే షేరును 352 చొప్పున 500 కొన్నాను, 336 దగ్గర స్టాప్‌లాస్. ఏప్రిల్ 9 రాత్రి, మన సమయం ప్రకారం పదిన్నర దాటాక, సుంకాల వాయిదా ప్రకటన వచ్చింది. ఏప్రిల్ 10 మహావీర్ జయంతి సెలవు. 11న షేరు తొమ్మిది శాతం పైన తెరుచుకుంది, 386 దగ్గర అమ్మాను. లాభం 17,000. ఆ ట్రేడు కింద నా చేతిరాతతో "భయం అతిగా ఉందని సరిగ్గా అంచనా వేశాను" అని ఉంది.

ఆయన రెండు నోట్లనూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ అమ్మిన ధరలను కాగితాలతో కప్పేశారు. "ఇప్పుడు ఈ రెండింటికీ తేడా చూపించు" అన్నారు. అదే షేరు, అవే 500, అంతే దగ్గరగా స్టాప్‌లాస్. రెండుచోట్లా సుంకం గురించి ఏ రాత్రైనా నిర్ణయం రావచ్చునన్న పరిస్థితి, ఆ విషయం ప్రస్తావించని నోటు. ఏప్రిల్ 9 రాత్రి వాయిదాకు బదులుగా ఇంకో పెంపు ప్రకటన వచ్చి ఉంటే 336 దగ్గరి స్టాప్‌లాస్ ఏమయ్యేదో ఆలోచించమన్నారు. ఆలోచించాను. జూలైలో జరిగినదే మూడు నెలల ముందు జరిగేది. నేను ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయాన్నే జూలైలో మళ్లీ తీసుకుని, మొదటిదాన్ని అంచనా అనీ, రెండోదాన్ని దురదృష్టమనీ రాసుకున్నాను. "జూలైది దురదృష్టమైతే ఏప్రిల్‌ది అదృష్టం అని రాయి. ఏప్రిల్‌ది అంచనా అంటావా, జూలైది కూడా నీ అంచనాయే. రెండు కొలతలు వద్దు" అన్నారు మాస్టారు. నిజం చెప్పాలంటే, 23,000 పోయిన రోజు కంటే ఆ 17,000 నాది కాదని తెలిసిన ఈ క్షణమే ఎక్కువ కష్టంగా తోచింది. ఆ లాభం చూసుకునే కదా జూలైలో అదే షేరు మళ్లీ కొన్నాను.

ఏప్రిల్ నోటు వల్ల ఇంకో ఉపయోగం కూడా కలిగింది. జూలై రాత్రికి ఎన్ని షేర్లు ఉంచుకోవలసిందో ఇప్పుడు లెక్కవేస్తే, ఫలితం తెలిసిన తరువాత వేసే లెక్క అవుతుందేమోనని నా సందేహం. మాస్టారు దానికి ఏప్రిల్ గ్యాప్‌నే కొలతగా తీసుకున్నారు. సుంకం వార్తకు ఈ షేరు ఒక్క రాత్రిలో తొమ్మిది పది శాతం పైకి లేవగలదని జూలై 24 నాటికే నా చేతిలో సాక్ష్యం ఉంది, పైకి అంత లేచేది కిందకూ అంతే పడగలదు. 412 నుంచి పది శాతం కిందకు అంటే సుమారు 370, షేరుకు 42 రూపాయల నష్టం. నా పరిమితి 9,000ను 42తో భాగిస్తే 214, అంటే సుమారు 200 షేర్లు. స్టాప్‌లాస్ దూరాన్ని బట్టి 18తో భాగించి 500 కొన్నాను. అది మామూలు రోజులకు సరైన లెక్కే, గడువు ఉన్న వారానికి మాత్రం కాదు. 200 షేర్లే ఉండి, పదిన్నరకు 388 దగ్గర అమ్మేసి ఉంటే నష్టం 4,800 అయ్యేది.

"రాత్రికి ఉంచుకోకూడదా అని అడిగావు కదా, ఉంచుకో. 200 ఉంచుకో" అని నా పాత అభ్యంతరానికి అప్పుడు జవాబు చెప్పారు. దీనికి మూల్యం ఉందని కూడా ఆయనే గుర్తుచేశారు. అదే నియమం ఏప్రిల్‌లో పాటించి ఉంటే 17,000 బదులు ఏడు వేల లోపే వచ్చేది. అది ఒప్పుకోలేనివాడికి ఈ నియమం పనికిరాదు.

గ్యాపుల వల్ల పోయే మూడు వేలు, ఐదు వేలు అంత పెద్ద విషయమా అని చివరిసారిగా అడిగాను. ఆయన నా పద్ధతినే తీసుకుని లెక్క చేసి చూపారు. పది ట్రేడుల్లో నాలుగు గెలిస్తే, ఒక్కొక్కదానికి 18,000 చొప్పున 72,000. ఆరు ఓడితే 9,000 చొప్పున 54,000. మిగిలేది 18,000. ఓడినప్పుడు పోయే సగటు 9,000 నుంచి 12,000కు పెరిగితే చాలు, ఆరింటికి 72,000 అయి, మిగిలేది సున్నా. గెలుపుల సంఖ్య తగ్గనక్కర్లేదు, పద్ధతి చెడనక్కర్లేదు. జూలైలో అదనంగా పోయిన 14,000 ఒక్కటే పది ట్రేడుల మిగులులో ముప్పాతిక పైగా తినేసింది. గ్యాప్ ఎప్పుడు వస్తుందో తెలియకపోవచ్చు, ఏడాదిలో కొన్ని వస్తాయన్నది ఖాయం. కాబట్టి దాన్ని ముందుగానే ఖర్చుగా లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కొక్క గ్యాప్‌నూ దురదృష్టమని కొట్టేస్తూ పోతే, సంవత్సరం చివర పద్ధతి ఎందుకు లాభం ఇవ్వలేదో ఎప్పటికీ తెలియదు.

చివరకు నా పట్టికలో జూలై ట్రేడు ఇలా నిలిచింది. 9,000 పద్ధతికి సహజమైన ఖర్చు. 3,000లో దిశ దురదృష్టం, పరిమాణం నా నిర్ణయం. 200 షేర్లయితే అక్కడ పోయేది 1,200 కాబట్టి అదృష్టం ఖాతాలో అంతే రాసి, 1,800 నా వైపు వేసుకున్నాను. 11,000 పూర్తిగా నిర్ణయం. ఒక్క విషయంలో మాకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. జూలై 30 సాయంత్రం వార్త చూసిన తరువాత, మరుసటి ఉదయం ప్రారంభ ధరకే అమ్మేలా రాత్రి ఒక ఆర్డరు పెట్టి ఉండవలసిందని మాస్టారు అంటారు. ఉదయం ఫోను చేతిలో ఉండదని నాకు తెలుసు కాబట్టి, ఆ సాయంత్రమే అసలు నిర్ణయ సమయమని ఆయన వాదన. 384 దగ్గర అమ్మడం కంటే పదిన్నరకు 388 దగ్గర అమ్మడమే మేలయ్యేదని నేనంటాను. ఆ మాట అంటున్నప్పుడే, కప్పి ఉంచిన కాగితం కిందకు తొంగిచూస్తున్నావని ఆయన అంటారు.

డబ్బు వైపు ఒక చిన్న వెసులుబాటు దొరికింది. ఏప్రిల్ లాభం, జూలై నష్టం ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉన్నాయి, రెండూ స్వల్పకాలిక మూలధన లెక్కలోకే వస్తాయి. కాబట్టి 17,000 మీద 20 శాతం పన్ను కట్టనక్కర్లేదు. మిగిలిన 6,000 నష్టాన్ని, రిటర్ను గడువులోగా వేస్తే, ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. ఎస్‌టీటీని మాత్రం ఖర్చుగా చూపడానికి వీల్లేదు.

సెప్టెంబరు నుంచి కొనేరోజు నోటులో ఒక వాక్యం అదనంగా రాస్తున్నాను: ఉంచుకోబోయే రోజుల్లో తెలిసిన తేదీ ఏదైనా ఉందా, ఉంటే ఎన్ని షేర్లు? ఆ వాక్యం ఖాళీగా ఉంటే కొనడం లేదు. జీటీటీలో కూడా ట్రిగ్గర్‌కు, లిమిట్‌కు మధ్య రెండు రూపాయల దూరం మానేసి, ఐదారు శాతం దూరం ఉంచుతున్నాను. లిమిట్ తక్కువగా పెడితే తక్కువకే అమ్ముడవుతుందన్న భయం మొదట్లో నాకూ ఉండేది. నిజానికి లిమిట్ అన్నది కనీస ధర మాత్రమే, ఆ సమయంలో మార్కెట్‌లో ఉన్న మెరుగైన ధరకే షేర్లు పోతాయి. అయితే ఆ లిమిట్ ఆ రోజు షేరుకు అనుమతించిన ధరల పరిధి దాటి కిందకు ఉంటే ఆర్డరు తిరస్కరణకు గురవుతుంది. షేరు ఆ పరిధిలోని అట్టడుగు ధర అయిన లోయర్ సర్క్యూట్ దగ్గరే తెరుచుకుని కొనేవాళ్లు లేకపోతే, ఏ లిమిట్ పెట్టినా అమ్ముడవదు. అలాంటి ఉదయానికి జీటీటీ ఏమీ చేయలేదు, ముందు రోజు తక్కువ షేర్లు ఉంచుకోవడం ఒక్కటే పనిచేస్తుంది.